143 శాతం ఎందుకు 119 అయింది: ఒక సేల్స్ రెజ్యూమెలో కోటా, టెరిటరీ, డీల్ విలువలు సరిదిద్దిన కేసు

ఈ కేసులోని అభ్యర్థి సబ్‌స్క్రిప్షన్ మీద సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో అకౌంట్ ఎగ్జిక్యూటివ్. మధ్యస్థాయి కంపెనీలకు అమ్ముతారు. ఈ ఉద్యోగంలో మూడు ఆర్థిక సంవత్సరాలు గడిచాయి, మొదటిది పూర్తి ఏడాది కాదు. అంతకుముందు ఏడాదిన్నర వేరే చోట సేల్స్ డెవలప్‌మెంట్ పని చేశారు. ఇప్పుడు ఒక మెట్టు పైన ఉండే, పెద్ద కంపెనీలకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ పోస్టులకు అప్లై చేస్తున్నారు. అప్లికేషన్లు చాలా పంపారు. పిలిచినవాళ్లు కూడా మొదటి రౌండ్ తర్వాత ముందుకు తీసుకెళ్లడం లేదు.

రెజ్యూమెలో ఈ ఉద్యోగం కింద ముఖ్యమైనవి ఈ మూడు లైన్లే:

> పెద్ద టెరిటరీని చూసుకుంటూ కోటాలో 143 శాతం సాధించాను.
> మూడేళ్లలో 11 కోట్ల రెవెన్యూ తెచ్చాను.
> సగటు డీల్ 18 లక్షలు, అతిపెద్ద డీల్ 2.88 కోట్లు.

కోటా అంటే కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం, టెరిటరీ అంటే అమ్మడానికి అప్పగించిన అకౌంట్లు, అంటే కంపెనీలు. ఇక్కడ లెక్క ముఖ్యం కాబట్టి కరెన్సీ పేరు వదిలేశాను. రెజ్యూమెలో మాత్రం మొదటి మొత్తం పక్కనే కరెన్సీ రాయాలి, ఆ తర్వాత చివరిదాకా అదే కరెన్సీ, అదే కొలమానం వాడాలి. ఒక లైన్లో కోట్లు, ఇంకో లైన్లో మిలియన్లు ఉంటే చదివేవాళ్లు ఆగిపోతారు.

పై మూడు లైన్లలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ప్రతి అంకె వెనకా ఏదో ఒక రిపోర్టు ఉంది. చిక్కల్లా వాటిని పక్కపక్కన పెట్టినప్పుడు వస్తుంది. సేల్స్ మేనేజర్ రెజ్యూమె చదువుతూనే మనసులో భాగహారం చేస్తారు. 11 కోట్లను మూడేళ్లకు పంచితే ఏడాదికి దాదాపు 3.67 కోట్లు. అది 143 శాతమైతే కోటా ఏడాదికి 2.56 కోట్లు ఉండాలి. ఫోన్‌లో "మీ కోటా ఎంత?" అని అడిగితే అభ్యర్థి నిజాయితీగా 3.20 కోట్లని చెప్పారు. లెక్క కుదరలేదు. ఒక అంకె తేడా కొట్టాక మిగతా రెజ్యూమె అంతా అనుమానంతోనే చదువుతారు. మొదటి రౌండ్‌లోనే ఆగిపోవడానికి కారణం ఇదే.

ఏ కాగితం నుంచి ఏ అంకె

రెజ్యూమెను కాసేపు పక్కన పెట్టి కాగితాలతో మొదలుపెట్టాం. కావలసినవి నాలుగు: ప్రతి ఏడాదీ వచ్చిన కోటా లెటర్, కమిషన్ స్టేట్‌మెంట్లు, కస్టమర్ల, డీల్స్ వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ అయిన సీఆర్‌ఎమ్‌లో గెలిచిన డీల్స్ రిపోర్టు, టెరిటరీ కేటాయించినప్పుడు వచ్చిన మెయిల్. అటెయిన్‌మెంట్ అంటే కంపెనీ మీ పేరున ఒప్పుకున్న క్రెడిట్‌ను కంపెనీ మీకు రాసిచ్చిన కోటాతో భాగించడం. పైన ఉండే అంకె కమిషన్ స్టేట్‌మెంట్ నుంచి, కింద ఉండే అంకె కోటా లెటర్ నుంచి రావాలి. సీఆర్‌ఎమ్ రిపోర్టు డీల్స్ ఎన్ని, ఎంతెంత అన్నది చూసుకోవడానికి పనికొస్తుంది గానీ అటెయిన్‌మెంట్‌కు ఆధారం కాదు.

ఎందుకు కాదో ఈ కేసులోనే కనబడింది. మూడో ఏడాదికి సీఆర్‌ఎమ్ 3.99 కోట్లు చూపిస్తోంది, కమిషన్ స్టేట్‌మెంట్ 3.81 కోట్లు అంటోంది. మధ్యలో 18 లక్షల తేడా. ఒక్కో డీల్ పోల్చుకుంటూ వెళ్తే దొరికింది: 36 లక్షల డీల్ ఒకటి ఇంకో టెరిటరీ ఎగ్జిక్యూటివ్‌తో సగం సగం పంచుకున్నది. సీఆర్‌ఎమ్‌లో ఓనర్‌గా ఆమె పేరే ఉంది కాబట్టి మొత్తం విలువ ఆమె ఖాతాలో పడింది. క్రెడిట్ మాత్రం సగమే వచ్చింది. 3.99 తీసుకుంటే కోటాలో 125 శాతం, 3.81 తీసుకుంటే 119 శాతం. రెజ్యూమెలోకి వెళ్లాల్సింది 119. కొన్ని కంపెనీలు ఆఫర్ ఇచ్చేముందు అటెయిన్‌మెంట్‌కు ఆధారం చూపమంటాయి. అప్పుడు చేతిలో ఉండేది కమిషన్ స్టేట్‌మెంటే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ అంకెలన్నీ ఉద్యోగంలో ఉండగానే రాసిపెట్టుకోవాలి, అదీ మొత్తాలు మాత్రమే. కస్టమర్ల పేర్లున్న సీఆర్‌ఎమ్ రిపోర్టును డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌కు పంపుకుంటే అది కంపెనీ డేటా బయటికి తీసుకెళ్లినట్టే లెక్క. ఏడాది, కోటా, క్రెడిట్, డీల్స్ సంఖ్య, టెరిటరీలో అకౌంట్ల సంఖ్య, టీమ్‌లో స్థానం: ఈ ఆరు చాలు.

మూడేళ్లు, మూడు అంకెలు

143 శాతం ఎక్కడిది? మూడో ఏడాది చివరి క్వార్టర్‌ది. ఆ క్వార్టర్ కోటా 80 లక్షలు, క్రెడిట్ 1.144 కోట్లు. మంచి క్వార్టరే. కానీ ఏ కాలానికన్నది చెప్పకుండా శాతం రాస్తే, చదివేవాళ్లు దాన్ని ఏడాదికో ఉద్యోగకాలం మొత్తానికో అన్వయించుకుంటారు. అందుకే ప్రతి శాతం పక్కనా కాలం ఉండాలి. ఆ కాలం వీలైనంతవరకు ఆర్థిక సంవత్సరమే కావాలి.

రెండో ఏడాది లెక్క సులువు. కోటా 2.80 కోట్లు, క్రెడిట్ 2.66 కోట్లు, 95 శాతం. వందకు తక్కువని ఆమె ఆ ఏడాదిని పూర్తిగా వదిలేశారు. వదిలేస్తే ఖాళీ కనబడుతుంది, ఆ ఖాళీని చదివేవాళ్లు 60 శాతంతోనో ఇంకా తక్కువతోనో నింపుకుంటారు. నిజానికి ఆ ఏడాది 14 మంది టీమ్‌లో కోటా అందుకున్నది ముగ్గురే, ఆమెది నాలుగో స్థానం. ఆ ఒక్క ముక్క పక్కన చేరితే 95 బలహీనమైన అంకెలా కనబడదు. స్థానం రాసేటప్పుడు ఎంతమందిలో అన్నది తప్పకుండా రాయాలి. "టాప్ పర్ఫార్మర్" అన్న మాట నలుగురున్న టీమ్‌కూ నలభై మంది ఉన్న టీమ్‌కూ ఒకేలా అతుకుతుంది కాబట్టి దేన్నీ చెప్పదు.

ఎక్కువగా తప్పులు జరిగేది మొదటి ఏడాది దగ్గర. ఆమె రెండో క్వార్టర్ మొదట్లో చేరారు. పూర్తి ఏడాది కోటా 2.40 కోట్లు, అంటే క్వార్టర్‌కు 60 లక్షలు. కొత్తగా చేరినవాళ్లకు పని అలవాటయ్యేదాకా కోటా తగ్గించి ఇస్తారు, దాన్నే ర్యాంప్ అంటారు. ఆమె కోటా లెటర్ ప్రకారం చేరిన క్వార్టర్‌లో నాలుగో వంతు, తర్వాతి దానిలో సగం, ఆ పైన పూర్తిగా. అంటే 15, 30, 60 కలిపి 1.05 కోట్లు. క్రెడిట్ 96 లక్షలు.

ఇప్పుడు అదే 96 లక్షలకు మూడు రకాల శాతాలు వస్తాయి. పూర్తి ఏడాది కోటాతో భాగిస్తే 40 శాతం. తొమ్మిది నెలలకు సరిచేసి 1.80 కోట్లతో భాగిస్తే 53 శాతం. లెటర్‌లో రాసిచ్చిన ర్యాంప్ కోటాతో భాగిస్తే 91 శాతం. కంపెనీ ఆమె పనిని కొలిచింది మూడోదానితోనే కాబట్టి సరైనది అదే. అయితే "ర్యాంప్" అన్న మాట, నెలల సంఖ్య రెండూ పక్కన లేకపోతే ఆ 91 కూడా తప్పుదోవ పట్టిస్తుంది. చదివేవాళ్లు దాన్ని పూర్తి ఏడాది అటెయిన్‌మెంట్ అనుకుంటారు, ఇంటర్వ్యూలో నిజం తెలిసి చిన్నబుచ్చుకుంటారు.

మూడేళ్లకూ కలిపి ఒకే అంకె రాయాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. రాయాల్సివస్తే మూడు శాతాల సగటు తీయకూడదు. 91, 95, 119ల సగటు దాదాపు 102. కానీ మొత్తం క్రెడిట్ 7.43 కోట్లు, మొత్తం కోటా 7.05 కోట్లు, నిజమైన అటెయిన్‌మెంట్ 105 శాతం. చిన్న ర్యాంప్ కోటాకూ పెద్ద ఏడాది కోటాకూ సమానమైన బరువు ఇవ్వడం వల్ల ఆ తేడా వస్తుంది. ఈ కేసులో కలిపి రాయడం మానేశాం. ఏడాదివారీగా చూస్తే 91, 95, 119 అని పైకి ఎక్కే వరస కనబడుతుంది, 105లో అది మాయమవుతుంది.

"పెద్ద టెరిటరీ" దాచేసిన సంగతి

టెరిటరీ మెయిల్స్ చదివాక నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ లైనే. ఆమె దగ్గరున్న గట్టి ఆధారాన్ని "పెద్ద" అన్న ఒక్క విశేషణం కప్పేసింది.

మొదటి రెండేళ్లు ఆమె కింద 340 అకౌంట్లు ఉండేవి. తయారీ, రవాణా, రిటైల్ రంగాల్లో 200 నుంచి 1,000 మంది ఉద్యోగులున్న కంపెనీలు. మూడో ఏడాది మొదట్లో టెరిటరీని చీల్చారు. రిటైల్ మొత్తం ఇంకొకరికి వెళ్లింది. ఆమెకు 180 అకౌంట్లు మిగిలాయి. అప్పటికి ఉన్న 31 మంది పాత కస్టమర్లలో 17 మంది ఆ రిటైల్‌లోనే ఉన్నారు, ఆమెకు 14 మందే మిగిలారు. అదే ఏడాది కోటా మాత్రం 2.80 నుంచి 3.20 కోట్లకు పెరిగింది. లెక్క వేస్తే రెండో ఏడాది ఒక్కో అకౌంట్ మీద 82 వేల కోటా పడితే మూడో ఏడాది 1.78 లక్షలు పడింది, రెట్టింపుకు పైనే. ఆ ఏడాదే ఆమె 119 శాతం తెచ్చారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోకుండా ముందుకు వెళ్లకూడదు. టెరిటరీ చిన్నదైతే కష్టమైనట్టేనా? ఎప్పుడూ కాదు. బలహీనమైన అకౌంట్లను తీసేసి మంచివి మిగిలిస్తే అది సులువైన టెరిటరీ అవుతుంది. అలాంటప్పుడు "అకౌంట్లు సగానికి తగ్గినా" అని రాస్తే లోపలి సంగతి తెలిసిన మేనేజర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు. ఈ కేసులో చీల్చింది రంగం ప్రకారం, పోయినవాటిలో పాత కస్టమర్లలో సగానికి పైగా ఉన్నారు. కాబట్టి ఆ మాట నిలబడుతుంది. నిలబెట్టేది పాత కస్టమర్ల సంఖ్యే, అందుకే అకౌంట్ల సంఖ్యతోపాటు దాన్నీ రాయాలి.

టెరిటరీ అంటే మ్యాప్ మీద ప్రాంతం అని మాత్రమే రాయడం ఇంకో అలవాటు. ఒకే ప్రాంతంలో ముగ్గురు ఎగ్జిక్యూటివ్‌లు కంపెనీల సైజును బట్టి పంచుకుని పనిచేయొచ్చు. చదివేవాళ్లకు కావలసింది ఎన్ని అకౌంట్లు, ఎంత పెద్ద కంపెనీలు, ఏ రంగం, అందులో కొత్తవెన్ని పాతవెన్ని, రెన్యువల్స్ ఎవరి బాధ్యత అన్నవి. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. రెన్యువల్ మొత్తాలు కూడా కలిసిన కోటాకూ కొత్త అమ్మకాలే ఉన్న కోటాకూ పోలికే లేదు. ఈ అభ్యర్థి కోటాలో రెన్యువల్స్ లేవు. ఆమె రెజ్యూమెలో ఎక్కడా ఆ మాట లేకపోవడంతో, ఉన్నాయేమో అనుకుని తగ్గించి చదివే అవకాశం ఉండింది.

డీల్ విలువ: ఏ విలువ?

11 కోట్లు, 2.88 కోట్లు అన్నవి రెండూ కాంట్రాక్టు మొత్తం కాలానికి లెక్కగట్టిన విలువలు. అతిపెద్ద డీల్ మూడేళ్ల కాంట్రాక్టు, ఏడాదికి 96 లక్షలు, మూడేళ్లకు 2.88 కోట్లు. కానీ ఆమె కోటాను కొలిచేది మొదటి ఏడాది విలువతో. ఒక లైన్లో మొత్తం విలువ, ఇంకో లైన్లో ఏడాది విలువ ఆధారంగా వచ్చిన శాతం, అదీ ఒక్క క్వార్టర్‌ది, కలిసిపోవడం వల్లే మొదట చూసిన భాగహారం తప్పింది. పైగా "రెవెన్యూ" అన్న మాట కూడా సరికాదు. సంతకమైన కాంట్రాక్టు బుకింగ్ అవుతుంది, రెవెన్యూ కాలక్రమంలో లెక్కలోకి వస్తుంది. ఫైనాన్స్ తెలిసినవాళ్లు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఉంటే ఈ తేడా దగ్గరే ఆగుతారు. మేం అన్ని మొత్తాలనూ మొదటి ఏడాది విలువకు మార్చి, ఆ సంగతి ఒకే ఒక్కసారి పైన రాసేశాం. అలా 11 కోట్లు 7.43 కోట్లయింది. అంకె చిన్నదైంది గానీ కోటాతో కలిసింది.

తర్వాత సగటు. మూడో ఏడాది 21 డీల్స్, 3.81 కోట్లు, సగటు 18 లక్షలు. డీల్స్‌ను వరసగా పేర్చి చూస్తే 96 లక్షలది ఒకటి విడిగా నిలబడింది, మిగతా 20 అన్నీ 6 లక్షల నుంచి 28 లక్షల మధ్యలో ఉన్నాయి. ఆ ఒక్కటి తీసేస్తే సగటు 14.25 లక్షలకు దిగింది. 21 డీల్స్‌ను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్న పదకొండోది తీసుకుంటే 13 లక్షలు. ఆమె రోజూ చేసే డీల్ ఎలాంటిదో ఈ 13 చెబుతుంది. 18 లక్షల డీల్స్ చేసే మనిషిగా పరిచయమైతే ఇంటర్వ్యూలో "అలాంటివి ఓ మూడు చెప్పండి" అన్నప్పుడు వెతుక్కోవాల్సివస్తుంది.

అలాగని పెద్ద డీల్‌ను దాచాల్సిన పనిలేదు. ఎంటర్‌ప్రైజ్ పోస్టుకు అదే ముఖ్యమైన ఆధారం. సగటులో కలిపేస్తే దాని బలం పోతుంది, విడిగా పెడితే కనబడుతుంది. విలువతోపాటు అది ఎంతకాలం నడిచింది, ఎవరెవరు ఒప్పుకోవాల్సివచ్చింది అన్నవి రాశాం. మేనేజర్లు పెద్ద డీల్ గురించి తెలుసుకోవాలనుకునేది ఆ రెండే.

మారిన రెజ్యూమె

> అకౌంట్ ఎగ్జిక్యూటివ్, మిడ్-మార్కెట్
> తయారీ, రవాణా రంగాల్లో 200–1,000 మంది ఉద్యోగులున్న 180 అకౌంట్లు, ఏడాది మొదట్లో అందులో 14 పాత కస్టమర్లు. కొత్త కస్టమర్లు, అదనపు అమ్మకాలు నా కోటా. రెన్యువల్స్ వేరే టీమ్. మొత్తాలన్నీ మొదటి ఏడాది కాంట్రాక్టు విలువలు.
> 3వ ఏడాది: 3.20 కోట్ల కోటాలో 119%, 16 మందిలో 2వ స్థానం. అకౌంట్లు 340 నుంచి 180కి, పాత కస్టమర్లు 31 నుంచి 14కు తగ్గిన ఏడాదిలో కోటా 14% పెరిగింది.
> 2వ ఏడాది: 2.80 కోట్ల కోటాలో 95%, 14 మందిలో 4వ స్థానం. కోటా అందుకున్నవారు ముగ్గురు.
> 1వ ఏడాది (9 నెలలు): 1.05 కోట్ల ర్యాంప్ కోటాలో 91%.
> 3వ ఏడాదిలో 21 డీల్స్, 3.81 కోట్లు, 68% కొత్త కస్టమర్ల నుంచి. మధ్యస్థ డీల్ 13 లక్షలు.
> అతిపెద్ద డీల్: ఏడాదికి 96 లక్షలు, మూడేళ్ల కాంట్రాక్టు, కొత్త కస్టమర్, 11 నెలలు, కొనుగోలు, ఐటీ, ఫైనాన్స్ విభాగాల ఆమోదం.

అసలు రెజ్యూమెలో 1వ, 2వ, 3వ ఏడాది అన్నచోట ఆర్థిక సంవత్సరం అంకె పడింది. ఇవన్నీ మామూలు లైన్లుగానే ఉంచాం, పట్టికగా గీయలేదు. అప్లికేషన్ సాఫ్ట్‌వేర్లు కొన్ని పట్టికలోని గడులను కలగాపులగం చేసి చదువుతాయి, కోటా ఒక ఏడాదిదీ శాతం ఇంకో ఏడాదిదీ అయి కూర్చుంటాయి.

పాత సేల్స్ డెవలప్‌మెంట్ ఉద్యోగంలో "4 కోట్ల పైప్‌లైన్ సృష్టించాను" అని ఉండేది. పైప్‌లైన్ అంటే ఇంకా పూర్తికాని డీల్స్ విలువ, అది అమ్మకం కాదు, పైగా ఆమె టార్గెట్ డబ్బులో లేదు. నెలకు 12 అర్హమైన అవకాశాలు, 18 నెలలకు 216. తెచ్చినవి 227. "105%" అని ఒక్క లైన్ రాసి వదిలేశాం.

కోటా మొత్తాలను బయట చెప్పకూడదని ఒప్పందంలో రాసుకున్న కంపెనీలు ఉంటాయి. అలాంటిచోట పని చేసేవాళ్లు ఇదే నిర్మాణాన్ని శాతాలతో, స్థానంతో, అకౌంట్ల సంఖ్యతో నిలబెట్టొచ్చు: "కోటాలో 119%, 16 మందిలో 2వ స్థానం, కోటా అంతకుముందు ఏడాది కన్నా 14% ఎక్కువ". డీల్ విలువను మాత్రం కచ్చితమైన అంకెకు బదులు శ్రేణిగా ఇవ్వొచ్చు. కస్టమర్ పేరు బదులు రంగం, ఉద్యోగుల సంఖ్య చాలు.

మిగిలిపోయిన బలహీనత

అంకెలు సరిదిద్దాక ఒక ప్రశ్న ఇంకా మిగిలింది, ఈ రెజ్యూమె చదివిన మంచి మేనేజర్ దాన్ని అడిగి తీరతారు: "ఆ 96 లక్షల డీల్ లేకపోతే?" 3.81లోంచి తీసేస్తే 2.85 కోట్లు, కోటాలో 89 శాతం. చివరి క్వార్టర్ ఒక్కటే చూస్తే 80 లక్షల కోటాకు 18.4 లక్షలే మిగులుతుంది, 23 శాతం. ఇది రెజ్యూమెలో రాయాల్సిన అంకె కాదు గానీ నాలుక చివర ఉండాల్సిన అంకె.

దాని పక్కనే ఇంకో లెక్క కూడా ఉంది. మొదటి మూడు క్వార్టర్లలో ఆ డీల్ లేదు, అప్పటికి కోటా 2.40 కోట్లు, క్రెడిట్ 2.666 కోట్లు, 111 శాతం. చిన్న డీల్స్‌తోనే కోటా దాటుతూ వచ్చారని, చివరి క్వార్టర్ సమయమంతా ఒక పెద్ద డీల్ మీద పెట్టారని ఈ రెండు అంకెలూ కలిసి చెబుతాయి. జవాబు రెండు వాక్యాల్లో సిద్ధం చేశాం: ముందు 89 ఒప్పుకోవడం, వెంటనే మొదటి మూడు క్వార్టర్ల 111 చెప్పడం. ఈ వరస తిప్పితే సాకు చెబుతున్నట్టు వినబడుతుంది.